నీడతో చెట్టు ఎత్తు: ఫోన్ పట్టుకునే తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సరూప త్రిభుజాల పాఠం పూర్తయిన సందర్భంగా మా గణిత ఉపాధ్యాయులు పిల్లలకు ఒక ఇంటిపని ఇచ్చారు. చెట్టు ఎక్కకుండా, టేపు పట్టకుండా, ఒకే ఒక్క ఫోటో ఆధారంగా ఆ చెట్టు ఎత్తును అంచనా వేయాలి. ఆ ఫోటోలో చెట్టుతో పాటు మీ అమ్మాయి గాని అబ్బాయి గాని నిలబడాలి కాబట్టి, ఫోన్ పట్టుకునేది మీరే అవుతారు. లెక్క పిల్లలు చేస్తారు. అది సరిగ్గా వస్తుందా, రాదా అన్నది మాత్రం చాలావరకు మీరు ఎక్కడ నిలబడి ఫోటో తీశారన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే ఈసారి వార్తాలేఖలో ఈ ఒక్క విషయమే రాస్తున్నాను.

సూర్యుడు మనకు ఎంతో దూరంలో ఉన్నందువల్ల, ఒకే ఆవరణలో పడే కిరణాలను సమాంతరాలుగా తీసుకోవచ్చు. కాబట్టి నిటారుగా నిలబడిన మనిషి ఎత్తుకూ నీడకూ ఏ నిష్పత్తి ఉంటుందో, ఆ క్షణంలో పక్కనున్న చెట్టు ఎత్తుకూ నీడకూ అదే నిష్పత్తి ఉంటుంది. చెట్టు నీడ మనిషి నీడకు ఎన్ని రెట్లు ఉంటే, చెట్టు మనిషికి అన్ని రెట్లు ఎత్తన్నమాట. ఆకాశంలో సూర్యుడు సుమారు 4 నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతూనే ఉంటాడు కాబట్టి, టేపుతో ఒక నీడ కొలిచి రెండో నీడ దగ్గరకు వెళ్లేలోపు అది ఎంతో కొంత మారిపోతుంది. ఫోటోలో ఆ చిక్కు లేదు, రెండు నీడలూ ఒకే క్షణానివి.

ఒక ఉదాహరణ చూద్దాం. బూట్లతో సహా 1.5 మీటర్ల ఎత్తున్న విద్యార్థిని చెట్టుకు ఎండ వచ్చే వైపున, చెట్టు నీడ తనపై పడకుండా నిలబడింది. ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి కొలిస్తే ఆమె నీడ 300 పిక్సెళ్లు, చెట్టు నీడ 2,080 పిక్సెళ్లు ఉన్నాయి. 2,080ని 300తో భాగిస్తే 6.93 వస్తుంది. దానిని 1.5తో గుణిస్తే చెట్టు ఎత్తు 10.4 మీటర్లు. పిక్సెళ్లు కొలిచే వీలు లేనివారు ఫోటోను కాగితంపై అచ్చు తీయించి స్కేలుతో కొలిచినా సరిపోతుంది, ఎందుకంటే మనకు కావలసింది నిష్పత్తి మాత్రమే.

అయితే ఈ లెక్క ఒక షరతు మీద నిలబడి ఉంది. రెండు నీడలూ కెమెరాకు ఒకే దూరంలో, ఫోటోకు అడ్డంగా పడి ఉండాలి. పై ఉదాహరణలో కెమెరా చెట్టుకు 20 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఆ విద్యార్థిని చెట్టు వరుసలో కాకుండా కెమెరా వైపు 4 మీటర్లు ముందుకు వచ్చి నిలబడితే, ఆమె నీడ ఫోటోలో పావు వంతు పెరిగి 375 పిక్సెళ్లు అవుతుంది. చెట్టు నీడలో మార్పేమీ ఉండదు. అదే పద్ధతిలో లెక్కిస్తే ఇప్పుడు చెట్టు ఎత్తు 8.3 మీటర్లే వస్తుంది. కూడికలో గాని గుణకారంలో గాని తప్పు లేకుండానే రెండు మీటర్లు మాయమయ్యాయి! నా ఉద్దేశంలో ఈ ఇంటిపనిలో పిల్లలు అర్థం చేసుకోవలసిన అసలు సంగతి ఇదే.

ఈ పొరపాటును ఫోటోలోనే పట్టుకోవచ్చు. నేల చదునుగా ఉండి, ఫోన్ పక్కకు ఒరగకుండా ఉంటే, కెమెరాకు ఒకే దూరంలో ఉన్నవన్నీ ఫోటోలో ఒకే అడ్డగీత మీదకు వస్తాయి. మీ పిల్లల పాదాలు, చెట్టు మొదలు, చెట్టు నీడ కొస, ఈ మూడింటి మీదుగా ఒక స్కేలు పెట్టి చూడండి. పాదాలు గీతకు కిందికి దిగితే వారు కెమెరాకు దగ్గరగా నిలబడ్డారని అర్థం. చెట్టు నీడ కొస పైకో కిందికో వాలి ఉంటే, నీడ అడ్డంగా కాకుండా దూరంగానో దగ్గరగానో వెళ్తోందని అర్థం. కెమెరాకు ఎదురుగా వచ్చే నీడను ఏ స్కేలుతో కొలిచినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే దాని దూరపు భాగం కుంచించుకుపోయి, దగ్గరి భాగం సాగినట్టు కనిపిస్తుంది. అందువల్ల ముందు నీడ ఎటు పడుతోందో చూసి, ఎండ మీ కుడి భుజానికో ఎడమ భుజానికో తగిలేలా నిలబడి ఫోటో తీయండి. ఫోన్‌లో 0.5x కాకుండా 1x కెమెరానే వాడండి, 0.5x కెమెరాలో అంచుల దగ్గరి వస్తువులు సాగిపోతాయి.

చెట్టు మొత్తం ఫోటోలో కనిపిస్తున్నప్పుడు చెట్టునే నేరుగా మనిషితో పోల్చవచ్చు కదా, నీడ ఎందుకని ఒక తండ్రి అడిగారు. చక్కని ప్రశ్న. కొస కనిపించడం కోసం ఫోన్‌ను పైకి ఎత్తితే చెట్టు పైభాగం వెనక్కి వాలినట్టు కుదించుకుపోతుంది, అప్పుడు ఆ పోలిక చెడుతుంది. ఫోటోకు అడ్డంగా నేల మీద పడిన నీడకు మాత్రం ఆ వాలు వల్ల నష్టం లేదు, నీడ గీత అంతటా ఒకే కొలమానం నిలుస్తుంది. చెట్టు కొస ఫోటోలో పడకపోయినా, నీడ మొత్తం పడితే చాలు.

ఇక కొలవడంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది పెద్ద నీడకు కాదు, చిన్న నీడకు. చెట్టు నీడను 10 పిక్సెళ్లు ఎక్కువగా కొలిస్తే జవాబు 5 సెంటీమీటర్లే మారుతుంది. మనిషి నీడను అదే 10 పిక్సెళ్లు ఎక్కువగా, అంటే 310గా కొలిస్తే జవాబు 10.06 మీటర్లకు పడిపోతుంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మనిషి నీడ మరీ పొట్టిగా ఉంటుంది కాబట్టి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పైగా ఆ వేళలో గొడుగులా విచ్చుకున్న చెట్టు నీడ కొస చెట్టు పైకొసది కాకుండా, పక్క కొమ్మది అయ్యే అవకాశం ఉంది. ఉదయం ఎండ బాగా ఎక్కకముందు గాని, సాయంత్రం పొద్దు వాలుతున్నప్పుడు గాని తీస్తే మేలు. మరీ పొద్దు గుంకే వేళ కూడా వద్దు, అప్పుడు నీడ ఏ గోడ మీదకో ఎక్కుతుంది.

నీడ కొస ఎప్పుడూ గీత గీసినట్టు ఉండదు. సూర్యుడు ఒక బిందువు కాదు, మన కంటికి సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల మన ఉదాహరణలోని చెట్టుకు నీడ కొస పావు మీటరు మేర మసకగా ఉంటుంది. ఆ మసక మధ్యను కొసగా తీసుకోవాలి. నీడ మొదలును కాండం అంచు నుంచి కాకుండా కాండం మధ్య నుంచి లెక్కించాలి. నేల ఒకే తీరుగా ఏటవాలుగా ఉంటే, మనిషి నీడ కూడా ఆ వాలు మీదే అదే దిశలో పడుతుంది కాబట్టి నిష్పత్తి చెడదు. వాలు మధ్యలో మారే చోటును మాత్రం ఎంచుకోకండి.

పిల్లలు జవాబును 10.4 అని ఒకే అంకెగా కాకుండా, మనిషి నీడను కాస్త ఎక్కువగా, కాస్త తక్కువగా కొలిచి చూసి, “10 నుంచి 10.8 మీటర్ల మధ్య” అన్న రీతిలో రాయాలని ఉపాధ్యాయుల సూచన. ఫోటోపై పాదాల గీతను గీసి, బూట్లతో కొలిచిన ఎత్తును, ఫోటో తీసిన సమయాన్ని పక్కన రాసి వచ్చే సోమవారం పంపించగలరు. గీత కుదరని ఫోటోలను కూడా పంపండి. జవాబు ఎటువైపు, ఎంత తప్పిందో తరగతిలో వాటితోనే లెక్కిస్తాము.

భవదీయులు,
ప్రధానోపాధ్యాయులు