రెండు చెవులకూ వినికిడి తగ్గితే మిషన్ ఒక్కటేనా?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను వినికిడి పరీక్షలు చేసి మిషన్లు పెట్టే ఆడియాలజిస్టుని. రెండు చెవులకూ వినికిడి తగ్గినా మనిషికి ఒక్క వినికిడి మిషనే ఇవ్వాలన్న నిబంధన గురించి రాస్తున్నాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అరవై ఐదేళ్ల పెద్దాయనకు రెండు చెవుల్లోనూ 55 డెసిబెల్స్ లోపం ఉంది. కుడి చెవికి మిషన్ పెట్టాం. నిశ్శబ్దమైన గదిలో ఎదురుగా కూర్చుని అడిగితే చక్కగా జవాబు చెబుతారు, మేము ఫైలులో "తృప్తికరం" అని రాసేస్తాం. ఇంట్లో కుడివైపు టీవీ మోగుతుంటే ఎడమవైపు నుంచి కూతురు మాట్లాడుతుంది. ఆ మాట కుడి చెవికి చేరాలంటే తలను దాటాలి. అచ్చుల్లోని బరువైన ధ్వని తల చుట్టూ వంగి వచ్చేస్తుంది కానీ స, శ, ట, క లాంటి హల్లుల సన్నని ధ్వని చాలావరకు అక్కడే ఆగిపోతుంది. టీవీ మాత్రం నేరుగా మిషన్‌లోకే వెళ్తుంది. అందుకే ఆయన "వినపడుతోందమ్మా, అర్థం కావట్లేదు" అంటారు. వాల్యూమ్ పెంచితే టీవీ కూడా పెరుగుతుంది. ఎడమ చెవికీ మిషన్ ఉంటే, ఏ చెవిలో మాట స్పష్టంగా ఉందో మెదడు దాన్నే పట్టుకుంటుంది.

మిషన్ లేని చెవికి ఇంకో ప్రమాదం ఉంది. శబ్దాలు వినే స్థాయి అలాగే ఉన్నా, మాటలు గుర్తుపట్టే శక్తి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గవచ్చు. అందరికీ ఇలా జరగదు. జరిగినవాళ్లలో కొందరికి తర్వాత మిషన్ పెట్టినా ఆ శక్తి పూర్తిగా తిరిగి రాదు.

అలాగని అందరికీ రెండు ఇవ్వమని నేను అడగడం లేదు. కొందరు వృద్ధులకు రెండు చెవుల మాటలూ మెదడులో కలవక, ఒక్క మిషన్‌తోనే బాగా అర్థమవుతుంది. ఒక చెవి మాటను మరీ వంకరగా వినిపిస్తుంటే అది రెండో చెవి వినేదాన్నీ చెడగొట్టవచ్చు. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినపడుతుందో చూపే ఆడియోగ్రామ్ ఒక్కటే చూస్తే ఇది తెలియదు. వెనక గోల పెట్టి, కుడి మిషన్‌తో, ఎడమ మిషన్‌తో, రెండిటితో విడివిడిగా, మాటలు వినిపించి తిరిగి చెప్పమనే మాటల పరీక్ష చేయాలి. ఇరవై ఐదు మాటల జాబితాలో ఒక్కో మాటకు 4 శాతం. కాబట్టి ఒకటి రెండు మాటల తేడా చూసి తీర్పు చెప్పకూడదు. తేడా స్పష్టంగా ఉండాలి, మరో జాబితాతో మళ్లీ చేసినా నిలవాలి. (మా దగ్గర క్యూ చూస్తే ఈ పరీక్షకు టైమ్ ఎక్కడిదని మీకు అనిపించవచ్చు. వాడకుండా పెట్టెలో పడి ఉండే మిషన్ ఇవ్వడానికీ టైమ్ పడుతుంది.)

నా విన్నపం ఇది. రెండు చెవులూ మిషన్‌కు తగినవైతే, మొదట కొన్ని వారాలు రెండూ ఇంట్లో వాడనివ్వండి. ఆ తర్వాత పరీక్ష ఫలితం, ఆ మనిషి అనుభవం చూసి ఒకటా రెండా తేల్చే అధికారం ఆడియాలజిస్టుకు ఇవ్వండి. చివరికి ఒక్కటే ఇస్తే, ఏ చెవికి ఎందుకు ఇచ్చామో రాయడం, రెండో చెవికి ఏటా మాటల పరీక్ష చేయడం తప్పనిసరి చేయండి.

ఇట్లు,
ఒక ఆడియాలజిస్టు