సర్టిఫికేషన్ ఫీజును ఖర్చుగా చూపవచ్చా?

సంపాదకులకు నమస్కారం.

‘పరీక్ష ఫీజు కట్టండి, పన్నులో తిరిగి పొందండి’ అని ఒక శిక్షణ సంస్థ నుంచి నా ఫోనుకు ప్రకటన వచ్చింది. ఏడేళ్లుగా విజయవాడలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని ఫ్రీలాన్స్‌గా చేస్తున్నాను కనుక ఇందులో ఎంత నిజముందో లెక్క వేసి చూశాను. సగం నిజమే.

1961 ఆదాయపు పన్ను చట్టంలోని 37(1) సెక్షన్ ప్రకారం, పూర్తిగా వృత్తి కోసమే చేసినదై, సొంతానికో మూలధనానికో సంబంధించనిదైతే ఆ ఖర్చును ఆదాయం నుంచి తీసివేయవచ్చు. ఇప్పటికే క్లౌడ్ పనులు చేస్తున్నవాడు అదే రంగంలో పరీక్ష రాస్తే ఆ ఫీజు ఇందులోకి వస్తుంది. పరీక్ష తప్పినా వస్తుంది, ఎందుకంటే చట్టం అడిగేది ఖర్చు ఎందుకు పెట్టారన్నదే కాని మార్కులు కాదు. అయితే, టెస్టింగ్ చేసుకునేవాడు కొత్తగా మరో వృత్తిలోకి వెళ్లడానికి కట్టిన కోర్సు ఫీజు గాని, ఫ్రీలాన్స్ మొదలుపెట్టకముందు ఉద్యోగంలో ఉండగా కట్టిన ఫీజు గాని ఇలా చెల్లడం కష్టం.

ప్రకటన చెప్పని సంగతి ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ వంటి నిర్దేశిత వృత్తుల్లో ఉన్న చిన్న ఫ్రీలాన్సర్లలో చాలామంది 44ఏడీఏ సెక్షన్ కింద రిటర్ను వేస్తారు. ఏడాది వసూళ్లు 50 లక్షల లోపు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉన్నవారు తమ వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను లెక్కించుకోవచ్చు. మిగతా సగంలోనే అద్దె, ఇంటర్నెట్, పరీక్ష ఫీజు అన్నీ చేరిపోయినట్టు. ఆ పైన ఫీజును విడిగా తగ్గించుకోవడానికి వీల్లేదు. నిరుడు నా వసూళ్లు 18 లక్షలు, చూపిన ఆదాయం 9 లక్షలు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉన్నందున నేను కట్టవలసిన పన్ను సున్నా. అంటే నేను కట్టిన 14,750 రూపాయల ఫీజు వల్ల పన్నులో నాకు మిగిలింది ఏమీ లేదు.

అసలు ఖర్చులు సగానికి మించినవారి సంగతి వేరు. నా స్నేహితుడొకడు నలుగురికి పని పంచి ఇస్తాడు. 40 లక్షల వసూళ్లలో 25 లక్షలు ఖర్చే. లాభాన్ని వసూళ్లలో సగం కంటే తక్కువగా చూపుతున్నాడు కనుక అతను ఖాతా పుస్తకాలు రాయాలి, ఆడిట్ కూడా చేయించాలి. అతను కట్టిన 14,750లో 12,500 ఫీజు, 2,250 జీఎస్‌టీ. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నందున ఆ 2,250ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్‌టీలోంచి తగ్గించుకుని, ఖర్చులో 12,500 మాత్రమే రాశాడు. రెండుచోట్లా రాస్తే తప్పవుతుంది. కొత్త విధానంలో అతని 15 లక్షల ఆదాయానికి పై శ్లాబు 15 శాతం, కాబట్టి సెస్సుతో కలిపి మిగిలేది 1,950 రూపాయలు. ‘తిరిగి పొందడం’ అంటే ఇంతే. ఆడిట్ అవసరం లేనివాడు ఈ మొత్తం కోసం ఆ దారి పడితే ఆడిటర్ ఫీజుకే ఇంతకు మించి అవుతుంది.

ఇక కాగితాలు. స్నేహితుడి దగ్గర నేను చూసిన ఫైలులో నాలుగే ఉన్నాయి: అతని పేరు, జీఎస్‌టీ నంబరు ఉన్న ఇన్‌వాయిస్, డబ్బు రూపాయల్లో ఎంత పోయిందో చూపే కార్డు స్టేట్‌మెంట్, పరీక్ష ఫలితం, ఆ సర్టిఫికెట్ ఉంటేనే పని ఇస్తామని క్లయింటు రాసిన ఈమెయిల్. నాలుగోదాన్ని చాలామంది దాచరు గాని, ఫీజుకూ వృత్తికీ ఉన్న ముడిని చూపేది అదే. ఒకే రోజు ఒకరికి 10,000 రూపాయలు మించి నగదుగా చెల్లిస్తే ఆ ఖర్చు చెల్లదు కనుక బ్యాంకు ద్వారానే కట్టడం మంచిది. ఆదాయపు పన్ను నిబంధనల్లోని 6ఎఫ్ వర్తించే వృత్తులవారు సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన నాటి నుంచి ఆరేళ్లు పుస్తకాలను, బిల్లులను ఉంచాలి. పరీక్ష వెబ్‌సైటులోని ఖాతాను అంతకాలం నమ్ముకోకుండా పీడీఎఫ్‌ను అప్పుడే దించి పెట్టుకోవాలి.

ఇంకొకటి నా అనుభవం. తక్కువ ధరకు వస్తోందని ఒక మధ్యవర్తి దగ్గర పరీక్ష వోచరు కొన్నాను. బిల్లు అడిగితే కోడు ఉన్న వాట్సాప్ సందేశమే బిల్లు అన్నాడు. 44ఏడీఏలో ఉన్నాను కాబట్టి బయటపడ్డాను, నా స్నేహితుడి పరిస్థితిలో ఉంటే ఆ ఖర్చు ఆడిటర్ దగ్గరే ఆగిపోయేది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారుతున్నందున, పై నంబర్లను అంతకు ముందరి ఆదాయానికే అన్వయించుకోవాలి. మీ పన్నుల శీర్షికలో పాత, కొత్త నంబర్లను పక్కపక్కన ప్రచురించి, సగం లెక్కన రిటర్ను వేసేవారికి ఫీజు విడిగా తగ్గదన్న మాటను కూడా అక్కడే ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫ్రీలాన్స్ టెస్టర్,
విజయవాడ