మీ బ్రాంచి సంక్రాంతి శుభాకాంక్షల గురించి

ఒరేయ్ సుబ్బూ,

నువ్వు పంపిన సంక్రాంతి శుభాకాంక్షల ముక్క చదివాను. ఫోన్లో మాట్లాడితే మధ్యలో ఎవరో ఒకరు నీ క్యాబిన్‌లోకి వస్తూనే ఉంటారు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. బ్యాంకు గుమ్మం పక్కన ఫ్లెక్సీ మీదా, నీ వాట్సాప్ స్టేటస్‌లోనూ ఇదే పెడతానన్నావు కదా. అంటే ఊరంతా చూస్తుంది. ఒక్కో మాటా పట్టుకుని చూడాల్సిందే.

నువ్వు రాసింది ఇది: "మీ ఇంట సిరుల పంట పండిన ఈ వేళ సంక్రాంతి శుభాకాంక్షలు. ఈ పండగకి బంగారంపై నిమిషాల్లో రుణం, ఆకర్షణీయమైన వడ్డీ. వివరాలకు ఈ లింక్ నొక్కండి."

ముందు ఆ బంగారం వాక్యం తీసెయ్ రా. గోల్డ్ లోన్ టార్గెట్ టెన్షన్ నీకెంత ఉందో నాకు తెలుసు, రీజనల్ ఆఫీసు రోజూ అడుగుతూనే ఉంటుంది. కానీ భోగికి ముందు మీ ఊళ్లో బంగారం గురించి ఎవరు ఏమనుకుంటూ ఉంటారో ఒక్కసారి ఆలోచించు. లాకర్ ఉన్నవాళ్లు హారమో, వడ్డాణమో బయటికి తీసుకోవడానికి వస్తారు. లాకర్ లేనివాళ్లలో చాలామంది నగలు ఎక్కడున్నాయి? నీ స్ట్రాంగ్ రూమ్‌లోనే, సీలు వేసిన తాకట్టు సంచుల్లో. నాట్లప్పుడు పెట్టుబడి కోసం పెట్టిన గొలుసు ఇంకా విడిపించుకోలేదు. అల్లుడూ కూతురూ పండక్కి వస్తున్నారు, మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదని ఆ ఇల్లాలు లోలోపల బాధపడుతూ ఉంటుంది. అలాంటి మనిషి వడ్డీ కట్టడానికి వచ్చి, గుమ్మం దగ్గర పండగ ముగ్గు బొమ్మ కింద "బంగారంపై నిమిషాల్లో రుణం" అని చదివితే, మనం చెప్పిన శుభాకాంక్షలు ఆమెకి ఎలా చేరతాయి? గోల్డ్ లోన్ బోర్డు ఏడాది పొడుగునా ఆ కౌంటర్ దగ్గర ఎలాగూ ఉంటుంది. అవసరం ఉన్నవాళ్లు అక్కడ అడుగుతారు. పండగ మాటలో దానికి చోటు వద్దు.

మొదటి వాక్యం వినడానికి బాగుంది, కానీ ఈ ఏడాది మీ వైపు సరిపోదు. అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే కదా తీరం దాటింది. చేలు పడిపోయినవాళ్లు, తడిసిన ధాన్యం అయినకాడికి అమ్ముకున్నవాళ్లు నీ ఖాతాదారుల్లోనే ఉన్నారు. వాళ్లలో కౌలు రైతులూ ఉంటారు. వాళ్లకి "సిరుల పంట పండిన వేళ" అంటే బ్యాంకుకి మా సంగతే తెలియదా అనిపిస్తుంది. అలాగని పండగ పూట తుపాను పేరెత్తి ఓదార్చనక్కర్లేదు. పంట ఊసు వదిలేసి ఇంటికొచ్చే మనుషుల గురించి రాయి. పంట పోయిన ఇంట్లోనూ హైదరాబాద్ నుంచి పిల్లలు వస్తారు కదా.

లింక్ మాత్రం అసలు వద్దు. పెళ్లి శుభలేఖ అనీ, బ్యాంకు రివార్డు అనీ పేరు పెట్టి వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నారు. తెలియని లింకులు నొక్కొద్దని నువ్వే పెన్షనర్లకి చెబుతావు. అలాంటప్పుడు బ్యాంకు పేరుతో వచ్చే పండగ శుభాకాంక్షల్లో లింక్ ఉండటం మామూలే అని వాళ్లకి మనమే అలవాటు చేస్తే ఎలా? రేపు ఉగాదికి మోసగాడు అచ్చం అలాంటిదే పంపుతాడు. మన శుభాకాంక్షల్లో నొక్కేదీ, నింపేదీ, ఫోన్ చేయమనేదీ ఏదీ ఉండకూడదు.

ఇదే మాట కస్టమర్లకి ఎస్ఎంఎస్‌గా కూడా పంపిద్దామన్నావు. అది నువ్వూ నేనూ చేసే పని కాదు, హెడ్ ఆఫీసు నమోదు చేయించిన టెంప్లేట్ మీదే వెళ్లాలి. పైగా ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆఫర్ కలిసిందంటే అది ప్రచార సందేశం కిందికి వస్తుంది. పంపినవారి పేరు చివర "-P" అని పడుతుంది, డీఎన్‌డీ పెట్టుకున్నవాళ్లకి చేరదు. బ్రాంచి ఫోన్ నుంచి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ పెట్టినా నీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. కాబట్టి ఫ్లెక్సీ, స్టేటస్ చాలు.

మరి ఏం రాయాలి అంటావా? శుభాకాంక్ష ఒకటి, పండక్కి నిజంగా పనికొచ్చే సమాచారం ఒకటి. ఈసారి క్యాలెండర్ చూడు. జనవరి 10 రెండో శనివారం, 11 ఆదివారం. 14న భోగి. అంటే లాకర్లో నగలున్నవాళ్లు పండక్కి ముందు తీసుకోవాలంటే మిగిలింది 12, 13 తేదీలే. ఆ రెండు రోజులూ లాకర్ గది దగ్గర ఎంత రద్దీ ఉంటుందో నీకు తెలుసు. లోపలికి ఒక్కొక్కరినే పంపాలి, మన తాళం చెవితో మన మనిషి కూడా వెళ్లాలి. ఆ రెండు సాయంత్రాలూ ఒక గంట ఎక్కువ తెరిచి ఉంచగలిగితే అంతకంటే మంచి పండగ పలకరింపు లేదు. అయితే తాళాలు చూసే ఆఫీసర్‌తో మాట్లాడి, సరేనన్నాకే రాయి. ఏటీఎంలో డబ్బు ఎప్పుడూ ఉంటుందని మాత్రం రాయకు. అందులో క్యాష్ పెట్టేది ఏజెన్సీ, నీ చేతిలో లేదు. కనుమ పూట ఖాళీ అయితే నీ మాట పోతుంది.

నేనైతే ఇలా రాస్తాను:

"మన ఊరివాళ్లందరికీ, పండక్కి ఊరొచ్చినవాళ్లకీ భోగి, సంక్రాంతి, కనుమ శుభాకాంక్షలు. ఈ మూడు రోజులూ మీ ఇంటిల్లిపాదీ హాయిగా గడపాలి. లాకర్‌లో నగలు తీసుకునేవారి కోసం 12, 13 తేదీల్లో సాయంత్రం 5 గంటల వరకు లాకర్ గది తెరిచి ఉంటుంది. మీ బ్రాంచి సిబ్బంది."

అంతే. "మా విలువైన ఖాతాదారులకు" లాంటి సర్క్యులర్ భాష వద్దు. వేరే బ్యాంకులో ఖాతా ఉన్నవాడు కూడా ఆ దారినే నడుస్తాడు, అందుకే "మన ఊరివాళ్లందరికీ" అన్నాను. బ్యాంకు పేరు, గుర్తు ఫ్లెక్సీ మూల చిన్నగా ఉంటే సరిపోతుంది, అవి పండగ మాట కంటే పెద్దగా కనబడకూడదు. నీ ఫోటో కూడా వద్దు రా. పెట్టాలనిపిస్తే మీ స్వీపరమ్మ గుమ్మం ముందు వేసే ముగ్గు ఫోటో పెట్టు, ఆమెని అడిగి. కస్టమర్ల ఫోటోలు మాత్రం వద్దు. ఎవరు బ్యాంకుకి వచ్చారో ఊరికి తెలియడం కొందరికి నచ్చదు.

పండక్కి బ్యాంకు ఏ రోజు ఉంటుంది, ఏ రోజు ఉండదు అన్నది వేరే కాగితం మీద రాసి షట్టర్‌కి అంటించు. సెలవుల జాబితా చూసే రాయి, బళ్లకి సెలవిచ్చిన ప్రతిరోజూ మనకి సెలవుండదు. ఫ్లెక్సీ 12 పొద్దున్నకి కాదు, 8వ తేదీకే కట్టించు. లాకర్ సంగతి తెలిసి జనం ప్లాన్ చేసుకోవాలి కదా. కనుమ మర్నాడు దించేయ్.

స్టేటస్ చూసి ఎవరైనా తిరిగి శుభాకాంక్షలు పంపితే పేరు పెట్టి జవాబివ్వు, అందులో కూడా లోన్ మాట ఎత్తకు. లాకర్ టైమ్ గురించి అడిగితే వెంటనే చెప్పు.

ఫ్లెక్సీవాడికి ఇచ్చేముందు ప్రూఫ్ నాకు పంపు, అచ్చుతప్పులు చూస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు. అరిసెలు పంపిస్తానంది, గుర్తుచెయ్.

నీ
రాఘవ