బకెట్టు పట్టని కుళాయి: గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారములు.

పైపు పనులు చేయించే వృత్తిలో ఉన్నవాడిగా, బకెట్టు, మగ్గులతో స్నానం చేసే ఇళ్ల విషయమై ఈ లేఖ రాస్తున్నాను. శాఖ ఇచ్చే నమూనా నక్షాల్లో బకెట్టు కుళాయి, వేడినీటి పాయింటు ఎంత ఎత్తున, ఎక్కడ ఉండాలో స్పష్టంగా చూపించాలని నా విన్నపం.

ఒక ఇంటి లెక్క చూడండి. స్లాబు మీద నుంచి కొలిచి 45 సెంటీమీటర్ల ఎత్తున ప్లంబరు కుళాయి పాయింటు వదిలాడు. ఆ తరువాత వాలు కోసం వేసిన కాంక్రీటు, సిమెంటు, టైల్స్ కలిసి నేలను 8 సెంటీమీటర్లు పైకి తెచ్చాయి. కుళాయి మూతి పైపు మధ్య నుంచి మరో 5 సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంది కనుక చివరికి మిగిలిన ఎత్తు 32 మాత్రమే. ఆ ఇంటివారి బకెట్టు ఎత్తు 36. దాన్ని వంచి పెడితే సగమే నిండుతుంది. మిగతా సగం మగ్గుతో పట్టి పోసుకోవలసిందే. గోడ పగలగొట్టకుండా గోడలోని ఆ పాయింటును పైకి జరపడం కుదరదు.

అందుచేత కొలతను స్లాబు నుంచి కాక, పూర్తయిన టైల్స్ మట్టం నుంచి తీసుకోవాలి. గోడ మీద ముందుగా లెవల్ గీత కొట్టి, టైల్స్ ఎక్కడికి వస్తాయో గుర్తు పెట్టి, అక్కడి నుంచి కుళాయి మూతి అడుగు 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా పైపు వదిలితే సాధారణ బకెట్టు పిడితో సహా సులువుగా జరుగుతుంది. అలాగని షవరు మిక్సరు ఎత్తుకు, అంటే సుమారు మీటరు దాకా, తీసుకుపోకూడదు. అంత పైనుంచి పడే వేడినీరు బకెట్టు అంచు తగిలి కాళ్ల మీద చిందుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఇది చిన్న విషయం కాదు.

వేడినీటి పాయింటు విషయంలో జరిగే పొరపాటు వేరు. గీజరు ఏ గోడకు ఉంటే ఆ గోడకే వేడినీటి కుళాయి పెట్టేస్తారు, చన్నీటి కుళాయి మాత్రం ఎదుటి గోడకు ఉంటుంది. అప్పుడు వేడినీళ్లున్న బకెట్టును తడినేల మీద ఈడ్చుకుంటూ చన్నీళ్ల దగ్గరికి వెళ్లవలసి వస్తుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదొక భయం. రెండు పాయింట్లూ ఒకే గోడకు, ఒకే ఎత్తున, మధ్య నుంచి మధ్యకు 15 సెంటీమీటర్ల దూరంలో, ఎడమ వేడి, కుడి చల్లన ఉంటే రెండు ధారలూ ఒకే బకెట్టులో పడతాయి, ముందు చన్నీళ్లు పట్టి తరువాత వేడినీళ్లు కలుపుకోవచ్చు. గీజరు నుంచి వచ్చే వేడినీటి గొట్టం సీపీవీసీ లాంటి, వేడికి తట్టుకునే రకానిది కావాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి అతుకుల దగ్గర కారుతుంది. ఈ జంటను మూలలోకి నెట్టకుండా, పక్కన పీట వేసుకుని కూర్చునే చోటు వదలాలి.

కాబట్టి నక్షాలో ఈ కొలతలను టైల్స్ మట్టం నుంచి రాయించి, టైల్స్ వేయకముందే పాయింట్లను సరిచూడమనీ, ఇల్లు అప్పగించే ముందు నిండు బకెట్టును కుళాయి కింద పెట్టి తీసి చూడమనీ ఇంజినీర్లకు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
పైపు పనుల పర్యవేక్షకుడు