పత్తి ఖర్చు: ఎకరం లెక్క వేరు, క్వింటా లెక్క వేరు

సంపాదకులు గారికి,

పత్తికి ఎకరానికి ఇంత పెట్టుబడి అయిందని రాసే వార్తల్లో, ఆ ఎకరంలో ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో, ఆ భూమి సొంతమో కౌలుదో చాలాసార్లు ఉండదు. ఆ రెండూ తెలియనిదే మద్దతు ధర గిట్టుబాటైందో లేదో ఎవరూ చెప్పలేరు. పరకాల దగ్గర కౌలుకు తీసుకున్న నల్లరేగడిలో 2024 వానకాలం నేను రాసుకున్న లెక్కనే చెబుతాను.

ఎకరానికి రెండు విత్తన ప్యాకెట్లు, ఒక్కోటి 864 రూపాయల చొప్పున 1,728 అయ్యాయి. దున్నకానికి, విత్తనాలు పెట్టించడానికి 4,500, ఎరువులకు, వాటిని వేయించడానికి 4,400, కలుపు కైకిలికి 6,000, గుంటుకకు 2,400, పురుగు మందులకు 4,500 పోయాయి. కరెంటు ఉచితమే కనుక నీటి ఖర్చు సున్నా అనుకుంటారు గానీ, మోటారు కాలిపోతే వైండింగుకు నా వంతు 1,500 ఇచ్చాను. ఇవన్నీ 25 వేలు, కౌలు 15 వేలు, మొత్తం 40 వేలు. నేనూ నా భార్యా చేసిన పని ఇందులో లేదు.

ఈ 40 వేలు పంట పండినా ఎండినా మారవు. ఏరుడు కూలి మాత్రం కిలోకు 12 రూపాయలు, అంటే క్వింటాకు 1,200. బస్తాలకు, బండి కిరాయికి మరో 150. దిగుబడి ఎంత పెరిగినా ఈ 1,350 తగ్గదు. పైగా చివరి ఏరుడులో కాయ పలచబడి, మొదట్లో రోజుకు 40 కిలోలు ఏరిన మనిషికి 20 కిలోలు కూడా రావు కనుక అప్పుడు కిలో రేటు ఇంకా పెంచమంటారు, అది న్యాయమే.

దీని ప్రకారం 8 క్వింటాళ్లు పండితే క్వింటా ఖర్చు 6,350. 5 క్వింటాళ్లే వస్తే 9,350. అదే సొంత భూమి అయితే 5 క్వింటాళ్లకు కూడా 6,350 దగ్గరే ఆగుతుంది. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర 7,521 కనుక, కౌలు రైతుకు ఆరున్నర క్వింటాళ్లు దాటితేనే పెట్టుబడి తిరిగొస్తుంది. సెప్టెంబరు మొదటి వారం వానలకు పూత, పిందె రాలి నాకు వచ్చింది 6 క్వింటాళ్లు. క్వింటా ఖర్చు 8,000 దాటగా, తేమ ఎక్కువుందని వ్యాపారి 6,900 ఇచ్చాడు. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనదు కనుక, ఆరబెట్టే చోటు లేని వారికి మద్దతు ధర కాగితం మీదే ఉంటుంది.

వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ చేతి ఖర్చులకు కుటుంబ శ్రమ విలువ కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు మద్దతు ధరగా లెక్కిస్తుంది. రైతు నిజంగా చెల్లించిన కౌలు ఆ చేతి ఖర్చుల్లోనే ఉంది. కానీ కౌలు కట్టని సొంత భూమి రైతులనూ కలిపి సగటు తీయడంతో మా 15 వేలు అందరి మీదా పరచుకుని పలచనైపోతాయి. అందువల్ల రాష్ట్ర వ్యవసాయ శాఖ ఏటా సాగు ఖర్చు అంకెలను సొంత భూమికీ కౌలు భూమికీ విడివిడిగా, జిల్లాల వారీ దిగుబడితో సహా ప్రకటించాలని, మీ పత్రిక కూడా ఎకరా ఖర్చు పక్కనే క్వింటా ఖర్చు ఇవ్వాలని కోరుతున్నాను.

ఒక కౌలు రైతు,
పరకాల, హనుమకొండ జిల్లా