తల్లి బరువు, బిడ్డ ఎత్తు ఒకే వరుసలో చూడండి: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఉదాహరణకు రేణిగుంట వైపు ఒక ఇల్లు అనుకుందాం. మూడేళ్లు నిండిన పాప ఎత్తు 85 సెంటీమీటర్లు, బరువు 11 కిలోలు. తల్లి ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఆ వయసు ఆడపిల్లకు బరువు కింది హద్దు 10.8 కిలోలు గనుక, తూకం ఒక్కటే చూస్తే పాప బాగానే ఉన్నట్టు లెక్క. ఎత్తు కింది హద్దు మాత్రం 87.4 సెంటీమీటర్లు, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారిన బిడ్డ. తల్లి బీఎంఐ దాదాపు 26.8, అంటే అధిక బరువు.

ఈ రెండూ వేర్వేరు శాతాల్లో చేరిపోతే, ఒకే గడపలో ఉన్నాయన్న సంగతి మాయమవుతుంది. నూరిళ్లలో 30 మంది పిల్లలు గిడసబారారని, 35 మంది తల్లులు బరువెక్కారని తెలిసినంత మాత్రాన రెండూ ఉన్న ఇళ్లెన్నో తేలదు. అవి సున్నా కావచ్చు, 30 కావచ్చు. విడివిడి శాతాలు ఇక్కడ ఎందుకూ కొరగావు.

అంగన్‌వాడీలో బిడ్డ ఎత్తును నిలబెట్టి సరిగా కొలిపించి (చెప్పులు, జడ కొప్పు కూడా లెక్క తప్పిస్తాయి), గర్భిణులను మినహాయించి తల్లి కొలతలను అదే ఇంటి నమోదుకు జతచేయించి, రెండూ ఉన్న ఇళ్ల సంఖ్యను మండలాలవారీగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తిరుపతి వాసి