ఇంకా డబ్బు వేసే ముందు ఇది చదువు

ఒరేయ్ రవీ,

నువ్వు పంపిన క్రిప్టో ఎక్స్ఛేంజ్ లింకు చూశాను. చిన్న మొత్తం తీసి చూస్తే వచ్చింది, పైగా సైటు అడుగున ఫిన్‌సెన్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది కాబట్టి నమ్మొచ్చు అంటున్నావు. నాకు అసలు అనుమానం వచ్చిందే ఆ నంబరు దగ్గర.

ఫిన్‌సెన్ అమెరికా ట్రెజరీ శాఖలోని విభాగం. అక్కడ నమోదు అంటే కంపెనీ తన వివరాలు తానే రాసి ఇవ్వడం. వాటిని తాము సరిచూడలేదనీ, జాబితాలో ఉన్నంత మాత్రాన మంచి సంస్థ అని అర్థం కాదనీ వాళ్ల సెర్చ్ పేజీలోనే రాసి పెట్టారు. కాబట్టి నంబరు నిజమైనదే కావచ్చు, సైటు దొంగది కావచ్చు. ఇంకా తెలివైనవాళ్లు వేరే కంపెనీ నంబరునే ఎత్తుకొచ్చి పెట్టుకుంటారు. బ్రిటన్‌లో ఆర్థిక సంస్థలను నియంత్రించే ఎఫ్‌సీఏ ఇలాంటివాళ్లను క్లోన్ సంస్థలంటుంది. సైటువాళ్లిచ్చిన లింకు నొక్కకుండా ఫిన్‌సెన్ రిజిస్టర్ పేజీకి నువ్వే వెళ్లి, అక్కడున్న పేరు, చిరునామా, వెబ్‌సైటు ఉంటే అదీ, వీళ్లవాటితో కలుస్తున్నాయో లేదో చూడు.

వెబ్ అడ్రసులో పెద్ద ఎక్స్ఛేంజ్ పేరు కనిపిస్తోందన్నావు. అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. `peddaperu.com.trade-vip.example/login` అని ఉందనుకో, మొదటి `/` గీతకు ముందున్న చివరి రెండు ముక్కలు, అంటే `trade-vip.example`, ఎవరి పేరున ఉంటే సైటు వాళ్లది. ముందున్నది ఎవరైనా తగిలించుకోవచ్చు. ఆ డొమైన్ ఎప్పుడు పుట్టిందో `lookup.icann.org`లో కనిపిస్తుంది. ఏళ్లుగా నడుస్తున్నామని చెప్పుకునే సైటు డొమైన్ మొన్న మొన్న పుట్టిందైతే అక్కడితో వదిలెయ్. పాతదైతే మాత్రం ధీమా పడకు, పాత డొమైన్లు అమ్మకానికి దొరుకుతాయి.

ఇక ఫిర్యాదులు. విత్‌డ్రాయల్ ఆలస్యమైందనే గోల మంచి ఎక్స్ఛేంజ్‌ల మీదా ఉంటుంది. కేవైసీ తేలకో, తప్పు నెట్‌వర్క్ ఎంచుకునో. నువ్వు వెతకాల్సింది "డబ్బు తీసుకోవాలంటే ముందు డబ్బు కట్టమన్నారు" అనే మాట. మా ఆఫీసులో ఒకాయన 500 డాలర్లు వేసి, 50 తీసి చూశాడు. వచ్చాయి. ఆ నమ్మకంతో ఇంకో 4,000 వేశాడు. స్క్రీన్ మీద 11,000 అయింది. తీయబోతే, ఇరవై శాతం పన్ను, అంటే 2,200, బయటి నుంచి కొత్తగా పంపమన్నారు. బ్యాలెన్స్‌లోంచే కోసుకోండి అంటే కుదరదన్నారు. ఎందుకు కుదురుతుంది, ఆ 11,000 వాళ్లు తెర మీద టైప్ చేసిన అంకె! మామూలు ఎక్స్ఛేంజ్ ఫీజును నీ బ్యాలెన్స్‌లోంచే తీసుకుంటుంది. మొదట వచ్చిన ఆ 50 కూడా ఎర. అందుకే చిన్న మొత్తం తీసి చూశాను అన్న నీ పరీక్ష నాకు ఆనలేదు.

ఇంకో మాట. అలాంటి ఫిర్యాదుల కింద "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం" అని కామెంట్లు పెట్టేవాళ్లుంటారు. వాళ్లూ ముందు ఫీజే అడుగుతారు.

ఆ నంబరు వెతికి, రిజిస్టర్‌లో ఏ పేరు వచ్చిందో నాకు రాయి. అన్నట్టు, ఈ లింకు నీకు ఎవరిచ్చారో చెప్పనేలేదు.

నీ
శీను